మడతపెట్టిన చివరి వాక్యం

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి బాయిలర్ ఆపరేటర్ పెట్టుకున్న అడ్వాన్సు అర్జీ తిరిగొచ్చింది. పై అంచున ఎర్ర సిరాతో ఒక్క ముక్క రాసి ఉంది: 'వచ్చి కలవండి.' కింద జీతాల గుమాస్తా పొడి సంతకం.

అర్జీలో తప్పేమీ అతనికి కనిపించలేదు. కూతురి కాలేజీ ఫీజుకు నలభై ఎనిమిది వేలు కావాలి. నెలకు నాలుగు వేల చొప్పున పన్నెండు నెలలు జీతంలో కోసుకోవచ్చు. ఫీజు కట్టడానికి శుక్రవారం ఆఖరు. మేనేజరు డబ్బు కాగితాల మీద సంతకాలు పెట్టేది బుధవారం ఒక్కరోజే.

అంటే రేపే.

జీతాల గది కిటికీ దగ్గరికి అతను రెండేళ్లుగా వెళ్లలేదు. జీతం చీటీ కూడా ఎవరో ఒకరి చేత తెప్పించుకునేవాడు. "ఏం గురూ, ఆ కిటికీకీ నీకూ పడదా?" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు. రెండేళ్ల నుంచీ ఆ కిటికీ వెనక కూర్చుంటున్నది ఫిట్టరు కూతురు.

ఫిట్టరు ఈ కాగితం మిల్లులోనే పనిచేస్తూ చనిపోయాడు. ఆరేళ్లయింది. షిఫ్టు దిగి, చేతులు కడుక్కుని, సైకిల్ షెడ్డులో తాళం తీయబోతూ కూలబడ్డాడు. తాళం చెవి తాళంలోనే ఉండిపోయింది. అంతకు పందొమ్మిది రోజుల ముందే కూతురి ఫీజుకని అడ్వాన్సు తీసుకున్నాడు. ఆ అర్జీ ఒక్క ప్రశ్న కూడా లేకుండా ఒక్క పూటలో పాసయింది. అలా పాసయిన అర్జీ మిల్లులో అంతకు ముందు లేదు. అందుకని దాని జిరాక్సు ఒకటి కాంటీన్ ఆయన దగ్గర, ఖాళీ బిస్కెట్ల డబ్బాలో ఉండిపోయింది. అడ్వాన్సు కావలసినవాళ్లు టీ తాగి, డబ్బా తెరిపించుకుని, చూసి రాసుకుంటారు.

చూసి రాసుకునేది చివరి వాక్యం దాకానే. కాగితం అడుగున రెండు వేళ్ల మేర వెనక్కి మడిచి ఉంటుంది. ఆ మడత ఎవరూ విప్పరు. 'చచ్చినవాడి ముక్క మనకెందుకు' అంటాడు కాంటీన్ ఆయన. మడత వేసిందెవరో ఆయనకు తెలియదు.

ఫిట్టరు పోయాక వేసింది బాయిలర్ ఆపరేటరే. ఆ వాక్యం రాయమన్నదీ అతనే. "ఆ ముక్క కూడా గీకెయ్ అన్నా, మేనేజరు ఇంక నోరెత్తడు," అన్నాడు ఆరోజు. ఫిట్టరు నవ్వి, స్పానర్లు పెట్టుకునే బల్ల మీదే కాగితం పెట్టి రాశాడు.

భోజనాల గంట కొట్టగానే అతను కిటికీ దగ్గర నిలబడ్డాడు. లోపల అమ్మాయి రిజిస్టరు మూసి, పెన్ను వెనక్కి తిప్పి బల్ల మీద రెండుసార్లు కొట్టింది. ఏ నట్టు బిగించాలన్నా ముందు స్పానరుతో రెండుసార్లు కొట్టడం ఫిట్టరు అలవాటు. అతను చూపు తిప్పి గోడ మీద క్యాలెండరు చూశాడు.

"లోపలికి రా బాబాయ్. ఎండలో ఎందుకు?"

"ఫర్లేదమ్మా. ఏమైంది అర్జీకి?"

"నీ పదవీ విరమణ ఎప్పుడు?"

"ఇంకా ఎనిమిది..." అతను ఆగాడు.

"ఎనిమిది నెలల్లో వెళ్లిపోయేవాడివి పన్నెండు నెలలు ఎలా కడతావు? మిగతా నాలుగు నెలలూ నేను మీ ఇంటికొచ్చి వసూలు చేసుకోవాలా?"

అతను చూసి రాశాడు. ఫిట్టరు కాగితంలో పన్నెండు అని ఉంది. ఇతనూ పన్నెండు రాశాడు.

"పోనీ ఎనిమిదికే మార్చెయ్ తల్లీ. నెలకు ఆరు వేలు కోసుకోండి."

"కుదరదు." ఆమె చీటీ మీద అంకెలు వేసింది. "జీతం ఇరవై రెండు వేలు. సగానికి మించి కోయకూడదు, పదకొండు వేలు. భవిష్యనిధికి రెండు వేలు, సొసైటీ అప్పుకు నాలుగున్నర వేలు ఇప్పటికే పోతున్నాయి. ఇంకా నాలుగున్నరే మిగిలింది. ఆరు ఎక్కడ పడుతుంది?"

"ఫీజు శుక్రవారం కట్టాలమ్మా."

"తెలుసు. నాలుగు వేలే ఉంచుదాం. ఎనిమిది నెలలకు ముప్పై రెండు వేలు తీరుతుంది. మిగిలిన పదహారు వేలూ నీకు రావాల్సిన సెలవు జీతంలో పట్టుకుంటారు. అరవై మూడు రోజుల సెలవు నిల్వ ఉంది నీకు, చాలు. కాకపోతే అందుకు ఒప్పుకుంటున్నట్టు నువ్వు రాసివ్వాలి."

అది ఏ వాక్యమో అతనికి అర్థమైంది. జేబులోంచి పెన్ను తీశాడు గాని మూత తీయలేదు.

"డబ్బా కాగితంలో ఉండాలే ఆ లైను," అంది ఆమె.

"కనపడలేదమ్మా."

"నాకు నోటికి వచ్చు. చెప్తా, రాసుకో."

అతను కిటికీ గట్టు మీద కొత్త కాగితం పెట్టి అర్జీ అంతా మొదటి నుంచి రాశాడు. పన్నెండు బదులు ఎనిమిది. చివరికి వచ్చేసరికి ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఏ మాట దగ్గరా తడుముకోలేదు.

"'నేను విరమణ పొందినా, మరే కారణం చేతనైనా కొలువులో లేకపోయినా, మిగిలిన బాకీని నాకు రావలసిన సెలవు జీతంలో మినహాయించుకోవడానికి సమ్మతిస్తున్నాను.'"

'విరమణ పొందినా' దగ్గర అతని పెన్ను ఆగింది.

"మరే కారణం అన్న ముక్క తీసేస్తే?"

"మేనేజరు వెనక్కి పంపుతాడు. మళ్లీ వచ్చే బుధవారమే."

అతని ఫోన్ మోగింది. కూతురు. "నాన్నా, అయిందా?" అనడిగింది. "రాస్తున్నానమ్మా," అని పెట్టేశాడు.

పెన్ను కదల్లేదు. ఆమె గొంతు సవరించుకుంది. అచ్చం ఫిట్టరు సవరించుకున్నట్టే.

"నాన్న ఆ అర్జీ మా వంటింట్లో కూర్చుని రాశాడు బాబాయ్. చిత్తు చదివి పెట్టింది నేనే. అప్పుడు ఈ లైను లేదు. మర్నాడు ఇక్కడ రాశాడట. ఎవరు రాయమన్నారో సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాడు."

అతను తల ఎత్తలేదు.

"ఏమని చెప్పాడు?"

"తమ్ముడు మంచి మాట చెప్పాడన్నాడు."

అతను కాగితం సర్దుకుంటూ అడిగాడు. "చివరి లెక్కలో ఎంతొచ్చిందమ్మా మీకు?"

"బాకీ పట్టుకోగా పదకొండు వందలు." ఆమె రిజిస్టరు తెరిచింది. "ఫీజు మాత్రం అప్పటికే కట్టేసి ఉంది. రాయి బాబాయ్, గంట కొడతారు."

అతను రాశాడు. 'మరే కారణం' దగ్గర సిరా పలచబడితే అదే చోట రెండుసార్లు దిద్దాడు. సంతకం పెట్టాడు. ఆమె కాగితం తీసుకుని పక్కన తన పొడి సంతకం పెట్టింది. సంతకం కింద గీత కుడి నుంచి ఎడమకు లాగింది. ఫిట్టరు కూడా అలాగే లాగేవాడు. ఎడమచేతి వాటం.

బుధవారం పదకొండూ ఐదుకు మేనేజరు సంతకం చేశాడు. ఏమీ అడగలేదు. గురువారం మధ్యాహ్నం డబ్బు ఖాతాలో పడింది. శుక్రవారం రెండుంబావుకు కూతురు ఫీజు కట్టి, రసీదు ఫోటో తీసి పంపింది.

ఆ సాయంత్రం షిఫ్టు దిగాక అతను కాంటీన్‌కు వెళ్లి డబ్బా అడిగాడు.

"మళ్లీనా? ఇంకో కూతురుందా ఏంటి?" అన్నాడు కాంటీన్ ఆయన.

అతను కాగితం బయటికి తీసి బల్ల మీద పరిచాడు. అడుగున మడత విప్పాడు. ఆరేళ్లుగా వెలుతురు తగలని చోట కాగితం తెల్లగా ఉంది. వాక్యం అంతా ఉంది. అరచేత్తో మూడుసార్లు సాపుచేసి డబ్బాలో పెట్టాడు.

మూత పెట్టేలోపు అడుగు అంచు దానంతట అదే లేచి, వెనక్కి మడతపడింది.