శుక్రవారం నాటి ‘సరే’

“ఈడ సంతకం పెట్టమ్మా. పెట్టి ఆదోని బస్సెక్కు. కత అయిపోతాది.”

మద్దయ్య కాగితాన్ని బల్ల మీద సమ్రీన్ వైపు జరిపాడు. పైన పెన్ను పెట్టాడు. ఎమ్మిగనూరులో పురుగుమందులు, పోషక మందులు అమ్మే పెద్ద ఏజెన్సీ ఆయనది.

సమ్రీన్ పెన్ను ముట్టుకోలేదు. కాగితం చదివింది. ‘కరపత్రంలో మందు మోతాదు తప్పు నా అనువాదం వల్ల జరిగింది. పూర్తి బాధ్యత నాదే.’ కింద ఆమె పేరు టైపు చేసి ఉంది. మందు తయారుచేసే బెంగుళూరు కంపెనీకి ఈ కాగితం వెళ్తుంది.

గుమ్మం పక్క బెంచీ మీద బసన్న కూర్చుని ఉన్నాడు. కౌతాళం రైతు. ఒళ్లో ఎరువుల సంచి, అందులో వేళ్లతో సహా పెరికిన పత్తి మొక్క. ఆకులు అంచుల నుంచి మాడి, చేత్తో తాకితే పొడిగా రాలుతున్నాయి. అలాంటి చేలు కౌతాళం చుట్టుపక్కల పదకొండు. మిగతా పది చేల రైతులూ బయట రేకుల కింద నిలబడి ఉన్నారు.

“లీటరుకు ఇరవై మిల్లీ కొట్టమని మీ కాయితంలోనే ఉండె,” అన్నాడు బసన్న. “మేం సదివే కొట్టినాం. సదవకుండా కొట్టినా బాగుండు.”

“నేను రెండు అని రాసినాను అన్నా,” అంది సమ్రీన్. “లీటరుకు రెండు. పది లీటర్ల ట్యాంకుకు ఇరవై. రెండు వరసలు.”

ఫోన్ తీసి జులై ఇరవై ఎనిమిదిన తాను పంపిన మెయిలు, దానికి తగిలించిన ఫైలు తెరిచి చూపించింది. బసన్న కళ్లు చికిలించి చూసి తలూపాడు. అచ్చయిన కరపత్రంలో ఆ రెండు వరసలు కలిసి ఒకటే అయ్యాయి: లీటరు నీటికి 20 మి.లీ. మధ్యలో మాటలు ఎగిరిపోయాయి.

సమ్రీన్ ఫోన్ పక్కన పెట్టబోయింది. అంతలో మద్దయ్య సొరుగు లాగాడు.

“నువ్వు రాసింది రెండో ఇరవయ్యో, దాంతో నాకు పనిలేదు. అచ్చుకు పోయే ముందు ప్రూఫు చూసి సరే అనింది ఎవరు?”

ఇంకో కాగితం పడేశాడు. ప్రెస్సు వాళ్ల ప్రూఫు. మోతాదు వరస ఇరవై అనే ఉంది. కింది మూలలో నీలం పెన్నుతో: సరే. సమ్రీన్. 1–8.

ఆమె ఎప్పుడూ చూడని కాగితం అది. ఆమె రాయని మాట అది.

“ఇది నాది కాదు.”

“పేరు నీదే కదా. నువ్వు సంతకం పెట్టకపోయినా ఈ ప్రూఫు బెంగుళూరికి పోతాది. నిన్ను ఎవరూ జైల్లో పెట్టరులే. తప్పయిందని ఒక మాట రాసిచ్చేదానికి ఎందుకమ్మా ఇంత రాద్ధాంతం?”

ఎందుకో ఆమెకు తెలుసు. ఆదోనిలో మేడ మీది ఒక గదిలో కూర్చుని నాలుగేళ్లుగా సంపాదించుకున్నది ఆ పేరొక్కటే. పురుగుమందుల కాగితాలు, మాత్రల పెట్టెల్లో చీటీలు, మోటార్ల వాడకం పుస్తకాలు. తప్పు పడితే మనుషుల మీదికి వచ్చే పనులు. మోతాదు మార్చేసిన అనువాదకురాలు అని ఒక్క కంపెనీ చెప్పుకుంటే ఇంకో కంపెనీ ఆమె మెయిలు కూడా తెరవదు.

“సార్, నా కొటేషన్ మీ దగ్గర ఉందా?”

“ఎందుకుండదు?” మద్దయ్య ఫైలు తిప్పాడు. “నాగవేణీ, ఈమె కొటేషన్ యాడ పెడితివి?”

పక్క బల్ల దగ్గర కంప్యూటర్ ముందున్న అమ్మాయి లేచి వచ్చింది. ఆఫీసులో మెయిళ్లు చూసేది, బిల్లులు కొట్టేది నాగవేణే. పొద్దుట్నుంచీ ఆమె సమ్రీన్ మొహంలోకి చూడటం లేదు. ఫైల్లోంచి ఒక కాగితం తీసిచ్చి వెనక్కి పోయింది.

ఒకే ఒక కాగితం. తెలుగులో, పెద్ద అక్షరాల్లో. ఇంగ్లీషు మాటకు రెండున్నర రూపాయలు. మాటలు 1,140. మొత్తం 2,850. గడువు మూడు పని దినాలు. కింద సమ్రీన్ పేరు, ఫోన్ నంబరు. దాని మీద మద్దయ్య ఆకుపచ్చ సంతకం.

“మిగతాది యాడుంది?” అంది సమ్రీన్.

“మిగతాదేంది?”

“నేను పంపింది ఇంత కాదు సార్. దీనికి రెండింతలు ఉంటాది.”

మద్దయ్య నవ్వాడు. “మా ఆఫీసులో ఏదైనా ఒక్క కాయితమే. రెండో కాయితం నేను సదవను, సంతకం పెట్టను. ఊరంతా తెలుసు. ఏమొచ్చినా నాగవేణి ఒక్క కాయితంలోకి కుదిస్తాది.”

“ఇరవై యేండ్ల లెక్క ఒక కాయితం మీదనే ఉండాదంట ఈయప్పకు,” అన్నాడు బసన్న. “మా అప్పు మటుకు మూడు పుస్తకాల్లో రాస్తాడు.”

“నువ్వుండప్పా.”

సమ్రీన్ ఫోన్‌లో జులై ఇరవై మూడు నాటి మెయిలు వెతికి పట్టుకుంది. కొత్త క్లయింటు ఎవరొచ్చినా పంపే మెయిలే. రేటు పైన పెడుతుంది, అందరూ అదొక్కటే చదువుతారు కాబట్టి. మిగతాది ఎవరూ చదవరని తెలిసినా ప్రతిసారీ రాస్తుంది.

“వినండి,” అని గట్టిగా చదివింది.

“‘మీరు ఖాయం చేసి, చివరి ఇంగ్లీషు ఫైలు పంపిన మరుసటి పని దినం నుంచి గడువు లెక్క. ఆదివారం పనిచేస్తాను. శుక్రవారం నాకు పని దినం కాదు. ఆ రోజు ఏ ఫైలూ తెరవను, ఏ జవాబూ ఇవ్వను. పని అందిన ఏడు రోజుల్లోపు ఒక విడత సవరణలు ఉచితం. మీరు ఇంగ్లీషు మారిస్తే కొత్త భాగానికి విడిగా రేటు. అచ్చుకు వెళ్లే ముందు ప్రూఫు ఒకసారి ఉచితంగా చూసిపెడతాను, దానికి ఒక పని దినం ఇవ్వాలి. నా ఆమోదం ఈ మెయిలు నుంచి మాత్రమే వస్తుంది. ఫోన్లో, కాగితం మీద ఇవ్వను. నేను చూడని ప్రూఫుకు నా బాధ్యత లేదు.’”

మద్దయ్య మొహంలో ఒక్క మాట దగ్గర మాత్రం ఏదో కదిలింది. ‘ఉచితంగా’ అన్న దగ్గర. సమ్రీన్ అది చూసింది. అప్పటికి అర్థం కాలేదు.

“అయితే?” అన్నాడాయన. “రాసుకున్న మాట నువ్వే తప్పినావేమో.”

“ప్రెస్సుకు ఫోన్ చేయండి. ఈ ప్రూఫు వాళ్లకు ఎవరిచ్చినారో అడుగుదాం.”

మద్దయ్య కదల్లేదు. బసన్న లేచి వచ్చి కరపత్రం అడుగున ఉన్న ప్రెస్సు నంబరు చదివాడు. సమ్రీన్ నొక్కింది. స్పీకర్ పెట్టింది.

ప్రెస్సు గిడ్డయ్య ఎత్తాడు. వెనకాల మిషన్ చప్పుడు.

“ఆ ఇరవై నా కంటి తప్పేనమ్మా,” అన్నాడు, ఆమె పేరు చెప్పి అడగ్గానే. “మీ ఫైలు మా కంప్యూటర్‌లో పెడితే అక్షరాలన్నీ డబ్బాలయితాయి. మాది పాత ఫాంటు. అంతా మళ్లీ కొట్టాల్సిందే. ఒక వరస నుంచి ఇంకో వరసకు కన్ను జారింది. అందుకే కదా ప్రూఫు ఇచ్చేది? సరే అని రాసి సంతకం లేంది నేను అచ్చు ప్లేటు ఎక్కించను.”

“ఆ సంతకం ఎవరు తెచ్చినారన్నా?”

“శుక్రవారం సాయంత్రం ఏజెన్సీ పిల్ల తెచ్చె. నాగవేణి.”

ఫోన్ పెట్టేసరికి గదిలో అందరూ నాగవేణి వైపే చూస్తున్నారు. ఆమె కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. టైపు చేయడం లేదు.

“సూసినారా?” మద్దయ్య గొంతు ఒక్కసారి తేలికపడింది. “ఇంట్లో దొంగను పెట్టుకోని నేను ఊరంతా వెతుకుతాండాను. ఏమ్మే, సోమవారం డీలర్ల మీటింగుకు కరపత్రం లేకుంటే నేను తిడతానని నువ్వే గీకేసినావా? సరే. అనువాదకురాలి పేరు తీసేస్తాను. ఆ కాయితం మీద ఈ పిల్ల పేరు కొట్టిస్తాను. నువ్వు పోవచ్చమ్మా.”

అంతే. సమ్రీన్ లేచి బ్యాగు సర్దుకుంటే చాలు. ఆమె పేరు మీది మచ్చ పోయింది. మూడున్నర బస్సు అందుతుంది.

ఆమె సగం లేచింది. గోడ మీది క్యాలెండరు కనపడింది. ఆగస్టు ఒకటి, ప్రూఫు మీది తేదీ, శుక్రవారం. మళ్లీ కూర్చుంది.

“ఈమె కాదు సార్.”

“ఎట్ల చెప్తావ్?”

“నేను కొటేషన్ పంపిన మర్నాడు ఈమె జవాబిచ్చింది.” సమ్రీన్ ఫోన్ బసన్న చేతికిచ్చింది. “నువ్వు సదువన్నా.”

బసన్న ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు. “‘సార్ ఒప్పుకున్నారక్కా. శుక్రవారం మీకు సెలవని రాసి పెట్టుకుంటిని. ప్రూఫు వస్తే శనివారం మెయిలు చేస్తాను. నాగవేణి.’”

“నా మెయిలు మొత్తం సదివింది ఈ అమ్మాయి ఒక్కతే,” అంది సమ్రీన్. “నేను శుక్రవారం ఏదీ ముట్టుకోనని, కాయితం మీద సరే రాయనని ఈమెకు తెలుసు. నా పేరుతో దొంగ సంతకం పెట్టాల్సి వస్తే ఇంకే తేదీ అయినా వేస్తాది, ఆ తేదీ వేయదు. ఇది రాసినవాళ్లకు నా రేటు తెలుసు, నా పేరు తెలుసు. కింది సగం తెలియదు. ప్రూఫు నాకు పంపితే మళ్లీ దుడ్డు అడుగుతానని అనుకున్నారు. ఉచితమని ఇప్పుడే, ఈ గదిలోనే విన్నారు.”

మద్దయ్య ఆకుపచ్చ పెన్ను మూత తీసి, పెట్టి, తీశాడు. జేబులో దాని పక్కనే నీలం పెన్ను ఉంది.

“ఏం మాట్లాడతాండావు నువ్వు?”

సమ్రీన్ నాగవేణి వైపు తిరిగింది. ఆమెకు తెలిసిందంతా అయిపోయింది. మిగిలింది చూసినవాళ్లు చెప్పాల్సిన మాట.

బసన్న మాడిన మొక్కను తీసుకెళ్లి నాగవేణి కీబోర్డు పక్కన పెట్టాడు. ఆకుల పొడి మీటల మీద రాలింది.

“తల్లీ, మా కాయితం కూడా ఒకటి పోతాది, వ్యవసాయ ఆఫీసుకు. అందులో ఒక పేరు రాయాల. తప్పు పేరు రాస్తే మా పదకొండు మంది చేలకూ ఎవరూ బదులు చెప్పరు. ఆ సరే ఎవరు రాస్తాంటే చూసినావో చెప్పు.”

“నాగవేణీ,” అన్నాడు మద్దయ్య. చాలా మెల్లగా అన్నాడు. “నీ నెల జీతం యాడ్నుంచి వస్తాదో గుర్తు పెట్టుకోని మాట్లాడు.”

ఆ పిల్ల మొదటిసారి తలెత్తింది. సమ్రీన్‌ను చూసింది. “ఒక్క కాయితంలో పట్టక ఆ కింది సగం నేనే తీసేస్తినక్కా. అంతవరకూ నా తప్పే,” అంది. “శనివారం నీకు పంపుదామని ప్రూఫు బల్ల మీద పెట్టుకోనింటి. ‘మళ్లీ ఆమెకు పంపితే మళ్లీ బిల్లు వస్తాది, ఇయ్యి ఇట్ల’ అని లాక్కునిరి. ఈ బల్ల మీదనే రాసి, కవర్లో పెట్టి నా చేతికిచ్చిరి.”

“ఎవరు తల్లీ?” అన్నాడు బసన్న. “పేరు చెప్పు. బయట వాళ్లకు కూడా వినపడాల.”

నాగవేణి కుర్చీలోంచి లేచింది. రేకుల కింది మనుషుల వైపు తిరిగింది.

“మద్దయ్య సారు.”