అక్క రాసిన తా.క.

మా రక్తనిధి నుంచి దాతలకు వెళ్లే ఈమెయిళ్లన్నీ నేనే రాస్తాను. "ఉత్తరంలో ఒక్కటే అడగాలి. ఇంకోటి అడగాలనిపిస్తే సంతకం కింద, తా.క. అని పెట్టి మెత్తగా ఒక్క లైను," అని కొత్తగా చేరినవాళ్లకు తెగ పాఠాలు చెబుతుంటాను. పైన శనివారం శిబిరానికి రమ్మంటాను. కింద మాత్రం, 'తా.క. మీకు కుదరకపోతే ఫర్వాలేదు, ఇది ఒక స్నేహితుడికి పంపండి చాలు.' చాలామంది మధ్యలోది వదిలేసి ముందు అక్కడికే దిగుతారు. పోయినసారి కొత్తగా వచ్చిన దాతల్లో సగంమంది ఆ లైను పుణ్యమా అని వచ్చినవాళ్లే. ఆ గొప్పంతా అప్పట్లో అక్క దగ్గర కూడా చెప్పుకున్నాను.

ఈసారి శిబిరానికి చోటు దొరకలేదు. అక్క ఇంట్లో కింది హాలు ఖాళీగానే ఉంటుంది. కానీ ఆర్నెల్లుగా ఒక్క ఫోనైనా చేయనివాణ్ణి, ఏ మొహం పెట్టుకుని అడగను? క్షేమసమాచారాలు, చిన్ననాటి ముచ్చట్లు నాలుగు పేరాలు ఒలకబోసి, సంతకం కింద రాశాను: 'తా.క. శనివారం నీ కింది హాలు ఖాళీయేనా? ఇబ్బందైతే వద్దులే.' నిజం చెప్పాలంటే ఉత్తరమంతా ఆ లైను కోసమే.

మర్నాడే జవాబు వచ్చింది. ఫోన్ తెర మీద మొదటి లైను కనబడింది: 'హాలు తీసుకోరా, తాళంచెవి పక్కింటి పిన్నిగారి దగ్గర పెడతాను.' హమ్మయ్య అనుకున్నాను. అంతకుమించి చదవకుండానే 'థాంక్స్ అక్కా' అని కొట్టి పనిలో పడ్డాను.

శనివారం పొద్దున్నే మంచాలు, పెట్టెలు వ్యానుకెత్తించి వెళ్లాం. తలుపుకు తాళం వేసి ఉంది. పక్కింటి పిన్నిగారు బయటికి వచ్చింది.

"అక్క లేదాండీ?"

"నిన్ననే కదయ్యా ఆపరేషన్! బాగానే ఉందిలే. నీకు రాశానందే?"

ఫోన్ తీసి ఆ జవాబు మొదటిసారి కిందిదాకా చూశాను.

'నా సంగతేముంది, కులాసా. ఇట్లు, అక్క.

తా.క. శుక్రవారం నాకు చిన్న ఆపరేషన్. రక్తం ఇచ్చే మనిషినొకరిని తెచ్చుకోమన్నారు. నీకు వీలైతేనేరా, లేకపోతే ఏమీ అనుకోను.'

ఎంత మెత్తగా అడగాలో నేను చెప్పినట్టే అడిగింది. ఊరందరికీ కింది లైను చూపించే నేను నా పని అయిందనుకుని పైలైనుతోనే ఆగిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి రక్తం ఎవరిచ్చారండీ?" అన్నాను.

"ఎవరో ఒకరు ఇచ్చార్లేవయ్యా," అంటూ పిన్నిగారు తాళంచెవి చేతిలో పెట్టింది. ఆవిడ మోచేతి మడతలో చిన్న ప్లాస్టర్ ఉంది. నేను చూడటం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సార్, ఇది ఎక్కడ కట్టమంటారు?" అని వెనక నుంచి మావాళ్లు బ్యానరు విప్పి పట్టుకున్నారు. 'మీవాళ్లకు అవసరం వచ్చేదాకా ఆగకండి' అని ఉంది దాని మీద. ఆ మాటలు రాసింది కూడా నేనే.