సుబ్బక్క ఏమీ అనలేదు

"మగ్గాల షెడ్డును మరమగ్గాలకు అద్దెకివ్వడానికి కమిటీ సభ్యులందరూ అంగీకరించారు." ఆదివారపు సమావేశం రికార్డింగు ఇస్తే యాప్ రాసిపెట్టిన సారాంశంలో చివరి వాక్యమది. చదవగానే ఒళ్ళు మండింది.

కోడుమూరులో మా చేనేత సంఘానికి గుమస్తాను నేను. యాప్ మాటమాటా రాసిపెట్టినదంతా మొదటినుంచీ చూశాను. అధ్యక్షుడు తిమ్మయ్య "ఎవరన్నా కాదంటారా?" అని అడిగాడు. ఇద్దరు సరే అన్నారు. ఆపైన ఆరు సెకన్లు ఏమీ లేదు. తర్వాత ఆయనే "అయిపాయ, లేయండి" అన్నాడు. కమిటీలో ఏడుగురు. తిమ్మయ్యతో కలిపి ముగ్గురు సరే. మిగతా నలుగురి సంగతి?

ఆ నలుగురిలో సుబ్బక్క ఉంది. ఆమె గుంతమగ్గం ఆ షెడ్డులోదే. ఇల్లు ఒక్కటే గది, గుంత తవ్వే చోటు లేదు. షెడ్డు పోతే నేత పోయినట్టే. పైగా తిమ్మయ్య ఆమె భర్తకు అన్న. బావ ముందు నోరెత్తే అలవాటు ఆ ఇంటి కోడళ్ళకు లేదు.

తిమ్మయ్యకు ఫోన్ చేశాను.

"మౌనం అర్ధాంగీకారమంటారు గదమ్మా ప్రణీతా. ఏకగ్రీవమని రాసెయ్."

"అర్ధమే కదా పెద్దాయనా, తక్కిన సగం ఎవరిస్తారు?"

తీర్మానం రాసి సాయంత్రానికల్లా పంపమని ఫోన్ పెట్టేశాడు. అనేశాను గానీ నా ఉద్యోగం ఆయన ఇచ్చిందే.

కూర్చోలేక షెడ్డుకు పోయాను. సుబ్బక్క మగ్గం ఆపి చూసింది.

"ఒప్పుకుంటే ఈ గుంత నేనే పూడ్చుకున్నట్టు గదమ్మా. అట్లని మా బావ ముందర ఎట్ల చెప్పేది? నేను కాదన్నానని నువ్వే రాసెయ్."

అదీ రాయలేను. ఆదివారం ఆమె కాదనలేదు. అననిది అన్నట్టు రాస్తే యాప్‌కూ నాకూ తేడా ఏముంది? ఆమె మీద కోపమొచ్చింది, అంతకన్నా ఎక్కువ నా మీద. చెప్పదలచుకుంటే, నేను వాట్సాప్ గ్రూపులో పెట్టే ముసాయిదా కింద ఆమే చెప్పాలన్నాను. ఆమె మళ్ళీ మగ్గం మీదికి వంగింది.

ఆఫీసుకొచ్చి రాశాను: "ముగ్గురు సమ్మతించారు. నలుగురు ఏమీ చెప్పలేదు. ఓటు తీసుకోలేదు. తీర్మానం ఆమోదం పొందినట్టు రికార్డులో లేదు. సవరణలుంటే రేపటిలోగా తెలపండి." కమిటీ గ్రూపులో పెట్టేశాను.

తిమ్మయ్య మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఏడుగురూ చూసినట్టు గుర్తులు పడ్డాయి, ఒక్కరూ ఉలకలేదు. మరునాడు పొద్దునా అంతే. ఈ మౌనాన్ని ఏమని రాయాలో తెలియక గదిలో అటూ ఇటూ తిరిగాను.

మధ్యాహ్నం గ్రూపులో సుబ్బక్క గొంతు వచ్చింది. మొదట మగ్గం చప్పుడు, అది ఆగింది, తర్వాత దగ్గు.

"బావా, తప్పుగా అనుకోవద్దు. ఆ పొద్దు నేను ఊఁ అనల్యా. ఈ పొద్దు వద్దంటాండా. ప్రణీతా, నా పేరు పెట్టి రాసుకో."