మధ్యలో రెండు ఖాళీ వారాలు

రెండో మజిలీ రోజున అన్నయ్య గోడ మీది చార్టు ముందు నిలబడి, పసుపు రంగు గడిని వేలితో పొడిచాడు.

"ఇది ఖాళీయేనా?"

"ఖాళీయే" అంది చెల్లెలు.

"మరి ఇందులో ఈ చీమల బారేంటే?"

చీమల బారు ఆమె చేతిరాతే. సామాన్ల గది సర్దడం, కొత్త జిగురు పరీక్షించడం, ఉలులన్నీ సానబట్టించడం అంటూ సన్నటి పెన్సిల్‌తో ఎప్పుడు రాసిందో ఆమెకే గుర్తులేదు. ఆ గడి నెత్తిన మాత్రం 'అనుకోనివాటికి' అని పెద్దక్షరాలతో రాసి ఉంది. అదీ ఆమె రాసిందే.

"అంటే, అనుకోనివి ఏమేం రావాలో కూడా ముందే అనుకుని పెట్టావన్నమాట."

రంగుల బాబాయి నవ్వబోయి పొలమారి దగ్గాడు. ఆయన వాళ్ళకి చుట్టమేమీ కాదు. వాళ్ళ నాన్న కాలం నుంచి ఆ చెక్కబొమ్మల కార్ఖానాలో రంగులేస్తున్నాడు కాబట్టి బాబాయి. వదిన మాత్రం నవ్వలేదు. అమ్మకాలూ లెక్కలూ చూసేది ఆమె, జోకులకి తీరిక తక్కువ.

చార్టు ఏడాది మొదట్లో చెల్లెలు పట్టుబట్టి తగిలించింది. అంతకు ముందు ఏడాది వచ్చిన ప్రతి ఆర్డరూ కళ్ళకద్దుకుని తీసుకున్నారు. చివరికి ఒక రైలుబండి పెట్టె విషయంలో మాటామాటా పెరిగి, అన్నయ్యా బాబాయీ ఎదురెదురు బల్లల మీద కూర్చుని కూడా వదిన ద్వారా కబుర్లు పంపుకునే దాకా వచ్చింది. "ఆయనకి చెప్పమ్మా, ఎరుపు ఆరలేదని." "ఆయన్నే ఊదుకోమను." బొమ్మలు చేసే చోట నవ్వు వినపడకపోవడం చెల్లెలికి అన్నం సయించకుండా చేసింది.

అందుకే ఈ ఏడాదికి మూడే మూడు దారులు రాసింది. కదిలే బొమ్మలు, బళ్ళతో స్నేహం, పాత బొమ్మల మరమ్మతు. ఏ దారిలోనూ పడని ఆర్డరుకి దణ్ణం పెట్టి పంపెయ్యడమే. మూడు నెలలకొక మజిలీ. ఆరోజు మిషన్లు ఆపి, నలుగురూ కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఏది సాగుతోంది, ఏది ఈడుస్తున్నాం, ఏది వదిలేద్దాం. ప్రతి మూడు నెలల చివరా రెండు వారాలు ఖాళీ, ఆ గళ్ళకి పసుపు రంగు.

మొదటి ఖాళీని నడిచే బాతు బొమ్మల చక్రాలు మింగేశాయి. పని ఆలస్యమైంది, చివర్లో రెండు వారాలు కనపడ్డాయి, ఆకలిగొన్నవాడికి విస్తరి దొరికినట్టయింది. రెండోదాన్ని ఈ చీమల బారు మింగింది.

"చూడమ్మాయ్," అంది వదిన, "పెద్ద షాపువాళ్ళు ఏడాది పొడుగునా నెలనెలా సరుకు అడుగుతున్నారు. మూడో మజిలీ నాటికి ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. ఈ పసుపు గళ్ళు తీసేస్తే మన చేతులు సరిగ్గా సరిపోతాయి."

"ఇంకొక్కసారి చూద్దాం వదినా."

"చూద్దాం" అన్నాడు అన్నయ్య. "ఈసారి కూడా అందులోంచి ఏమీ రాకపోతే వచ్చే ఏడాది పసుపు డబ్బా మూత తియ్యొద్దు. సరేనా?"

సరేనంది. పసుపు పోతే వచ్చేది పాత ఏడాదే అని ఆమెకి తెలుసు. మళ్ళీ ఆ ఎదురెదురు బల్లలు, మధ్యలో వదిన.

మిగతావాళ్ళు టీకి వెళ్ళాక ఆమె చార్టు ముందు ఒంటరిగా నిలబడింది. బాతు చక్రాల మీద కోపం రాలేదు. చీమల బారు దగ్గరే మనసు ఆగింది. ఎవరూ అడక్కుండానే ఎందుకు నింపింది? చిన్నప్పుడు కిటికీ దగ్గర ఊరికే కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి "ఏం చేస్తున్నావే అక్కడ?" అనేవాళ్ళు. తిట్టేవాళ్ళు కాదు, ఊరికే అడిగేవాళ్ళు. జవాబు ఉండేది కాదు. అప్పటి నుంచి చేతిలో ఎప్పుడూ ఒక జవాబు పెట్టుకుని తిరగడం అలవాటైపోయింది. నలభై దగ్గరపడుతున్నా అడిగేవాళ్ళ కోసం జవాబులు పోగేస్తూనే ఉంది, కాగితం మీది గడికి సైతం. తన భయాన్ని అంత దగ్గరగా చూసేసరికి ఆమెకి సిగ్గు కన్నా నవ్వే ఎక్కువ వచ్చింది.

ఆ నవ్వులోనే ఇంకొకటి కనపడింది. తను ఖాళీని చివర పెట్టింది. చివరున్న చోటు ఎవరికైనా మిగులులాగే కనపడుతుంది. ఆలస్యాలన్నీ పరిగెత్తుకొచ్చి అందులో దూరక ఏం చేస్తాయి?

టీ తాగి వచ్చేసరికి చార్టు మారిపోయింది. పసుపు గడి రాబోయే మూడు నెలల నట్టనడుమకి జరిగింది. దానికి చోటు చెయ్యడానికి మరమ్మతులు వారానికి ఒక్కరోజుకి తగ్గాయి.

"ఇదేం చోద్యమే? పని మధ్యలో సెలవా?" అన్నాడు అన్నయ్య.

"సెలవు కాదు, అందరూ రావాలి. కానీ చార్టులో ఉన్న ఏ పనీ ముట్టుకోకూడదు. ఆలస్యమైన పని ఆలస్యంగానే ఉంటుంది. దాని సంగతి ఈ రెండు వారాల తర్వాత, దాని గడిలోనే తేల్చుకోవాలి."

"ఇవతల నిప్పంటుకుంటే?"

"అది మాత్రం ఆర్పొచ్చు" అన్నాడు బాబాయి.

ఖాళీ వారాలు వచ్చాయి. మొదటిరోజు పొద్దున్న నలుగురూ పెళ్ళికి ఒకరోజు ముందే వచ్చిన చుట్టాల్లా కూర్చున్నారు. ఎవరి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాళ్ళకి తెలియలేదు. వదిన ఉన్న లెక్కల పుస్తకాలనే మళ్ళీ దులిపింది. చెల్లెలు రెండుసార్లు చీపురు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. మూలనుంచి సన్నగా గరగరమని చప్పుడు వినపడింది.

"అన్నయ్యా!"

"ఊరికే, ఒక్క బాతు... ముక్కు గరుగ్గా ఉంటేనూ..."

"దొంగ దొరికాడు!" అని కేకేశాడు బాబాయి. సాక్షాత్తూ కార్ఖానా యజమాని చేతిలోంచి బాతునీ గరుకు కాగితాన్నీ జప్తు చేశారు.

రెండోరోజు కూడా ఏమీ రాలేదు. ఏమైనా వస్తుందేమోనని అందరూ గుమ్మం వంకే చూశారు. వచ్చినవాళ్ళల్లో ఒకాయన పక్క వీధికి దారి అడిగాడు. వదిన చెల్లెలి వైపోసారి చూసి, మళ్ళీ లెక్కల పుస్తకం తెరిచింది. చెల్లెలికి పెన్సిల్ తియ్యాలని వేళ్ళు దురద పెట్టాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ దురదని పక్కింటి పిల్లిని చూసినట్టు చూస్తూ కూర్చుంది.

మూడోరోజు మధ్యాహ్నం బాబాయికి విసుగు పుట్టింది. రంగులారబెట్టే అటక మీద నుంచి, గాడి ఉన్న పనికిరాని చెక్క బద్దెని కిందికి వాల్చి, రంగెయ్యని చెక్క గోళీ ఒకటి వదిలాడు. అది గడగడా దొర్లుకుంటూ వచ్చి అన్నయ్య మోకాలికి తగిలింది.

"ఏంటి బాబాయ్ ఇది?"

"నీకో ఉత్తరం వచ్చింది, చూసుకో."

"జవాబు రాస్తానుండు" అంటూ అన్నయ్య లేచి ఇంకో బద్దె తెచ్చి మొదటిదానికి అడ్డంగా ఆనించాడు. గోళీ మలుపు దగ్గర ఎగిరి పడింది. "మలుపులో బయటి అంచు ఎత్తు చాలదు" అని గొణిగి, మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని పెంచాడు. ఈసారి గోళీ తిరిగింది కానీ, తిన్నని దారిలో వేగం పెరిగి తర్వాతి మలుపులో దూకేసింది. "వాలు తగ్గించు అబ్బాయ్." "నువ్వు పైన ఊపకుండా వదులు ముందు." ఏడాది క్రితం వదిన ద్వారా మాట్లాడుకున్న మనుషులు ఇప్పుడు ఒకే బద్దెని చెరోవైపు పట్టుకుని తిట్టుకుంటున్నారు.

సాయంత్రానికి దారి బల్లలు దాటింది. మర్నాటికి అల్మారాల మీదుగా మెట్లు దిగి గుమ్మం చేరింది. ఎదురింటి దర్జీ ఆవిడ కత్తెర చేత్తోనే పట్టుకొచ్చి చూసింది. పార్సిళ్ళ అమ్మాయి సంతకం తీసుకోవడం మర్చిపోయింది. "నాది ముందొస్తుంది, నాది" అంటూ వదిన ఒక గోళీకి గుర్తు గీసి పందెం కాసేసరికి చెల్లెలికి కళ్ళు తిరిగినంత పనైంది.

ఆమె కూడా కూర్చుంది, నేల మీద, చెత్త ముక్కల మధ్య. రెండు దారులు చీలేచోట గోళీలన్నీ ఒకేవైపు పోతున్నాయి. ఒక చిన్న పలకని మధ్యలో మేకు మీద ఊగేలా పెట్టింది. వచ్చిన గోళీ దాన్ని అటు తోసి ఒక దారిన పోతుంది. అది వంగి ఉండటం వల్ల తర్వాతిది రెండో దారి పడుతుంది. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. తన చేత్తో బొమ్మంటూ చేసి ఎన్నేళ్ళయిందో. చార్టులు గీసే మనిషి అనే పేరు వచ్చాక ఎవరూ ఆమెకి ఉలి ఇవ్వలేదు, ఆమె కూడా అడగలేదు. మొదటి గోళీ పలకని తన్ని కుడికి పోయి, రెండోది బుద్ధిగా ఎడమకి తిరిగినప్పుడు ఆమె గట్టిగా అరిచింది.

"ఏం చేస్తున్నావే అక్కడ?" అన్నాడు అన్నయ్య పైనుంచి.

"ఏమో!" అంది ఆమె. ఆ జవాబు నోట్లో తీపిగా ఉంది.

రెండో వారంలో ఒక బడి పెద్ద టీచరమ్మ అంకెల దిమ్మల కోసం వచ్చి, దిమ్మల సంగతి మర్చిపోయి గంటసేపు గోళీలు వదిలింది. వెళ్తూ వెళ్తూ, "మా బడిలో మూడంతస్తుల మెట్లున్నాయి. పై నుంచి కింద దాకా ఇలాంటిది కట్టగలరా? పరీక్షలు అయ్యేలోపు" అంది.

మూడో మజిలీ రోజున వదినే అందరికన్నా ముందు వచ్చి కూర్చుంది. బాతులు కొంచెం ఆలస్యంగా సాగుతున్నాయి. మరమ్మతులు వారానికి ఒక్కరోజే అయినా ఎవరూ గొడవ చెయ్యలేదు. ఇక మెట్ల మీది గోళీల దారి. పరీక్షలలోపు అంటే చివరి మూడు నెలల్లోనే కట్టాలి.

"రెండు వారాల పని" అన్నాడు అన్నయ్య.

"చివరి మూడు నెలల్లో సరిగ్గా రెండు వారాల పసుపు ఉంది కదా" అంది వదిన. "అక్కడ పుట్టిందాన్ని అక్కడే పెట్టెయ్యి."

చెల్లెలికి ఆ మాట ఎంత సహజంగా అనిపించిందంటే, చెయ్యి దానంతటదే పెన్సిల్ తీసి పసుపు గడి మీదికి వెళ్ళింది. గెలిచిన ఉత్సాహంలో ఉంది. చీమల బారు మొదలవబోతుంటే అన్నయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. అది ఇప్పుడు తెలిసిన పని. తెలిసిన పనికి చోటు దారుల్లో ఉంది, బళ్ళతో స్నేహం కింద. అక్కడ రాయి."

"అక్కడ ఖాళీ లేదు అన్నయ్యా."

"అయితే ఒకటి వదిలేద్దాం. మజిలీ అందుకే కదా? నువ్వే కదా చెప్పింది?" అని తనే చార్టు దగ్గరికి వెళ్ళి, "బాతుని వచ్చే ఏడాదికి తోసెయ్. పొద్దున్నించి సాయంత్రం దాకా దాని ముక్కు గీకలేక చస్తున్నా" అన్నాడు.

బాబాయి చప్పట్లు కొట్టాడు. చెల్లెలు బాతుని కొట్టేసి ఆ చోట మెట్లు రాసింది. పసుపు ముట్టుకోలేదు.

"మరి షాపువాళ్ళకి?" అంది వదిన.

అన్నయ్య వదిన వంక చూశాడు. "నువ్వే చెప్పు. గోళీల పందెంలో మూడుసార్లు నెగ్గినదానివి."

వదిన కాసేపు లెక్క వేసుకుంది. తర్వాత ఫోన్ తీసి గోడ వైపు తిరిగింది.

"నమస్కారమండీ... ఆ, ఆలోచించాం. సగం సరుకైతే ఇస్తాం... లేదండీ, సగమే... అయ్యో, మనుషులు లేక కాదండీ. రెండేసి వారాలు మాకు ఖాళీగా కావాలి... పనా? పనేం లేదండీ... ఎందుకంటే..." ఆమె ఫోన్ చేత్తో మూసి వెనక్కి తిరిగింది. "ఎందుకని అడుగుతున్నాడు, ఏం చెప్పను?"

ముగ్గురూ నోరు తెరిచారు. ముగ్గురికీ నవ్వే వచ్చింది. అవతల షాపాయన "హలో, హలో" అంటూనే ఉన్నాడు.