వేలికి మూడు

"సరే, ఆఖరి గంట కొట్టే దాకా ఆగుతాను" అని పెద్దమేడమ్ అన్నప్పుడు నా రెండు దోసిళ్ళ నిండా చిక్కుడు గింజలున్నాయి. ఆ సంతోషంలో సగం నేలపాలు చేశాను.

"ఈలోగా ఆ పిల్ల పది దాకా లెక్కపెట్టి చూపించాలి. ఏ భాషలోనైనా సరే. లేదంటే రేపటి నుంచి కింది తరగతికే" అని ఆవిడ చేతిలోని కాగితం మడిచింది. సంతకం తప్ప అన్నీ పూర్తయిన కాగితం.

ఆ పిల్లని మేం చుక్క అంటాం. గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది. బడిలో చేరి ఏడు వారాలైంది, నోరు విప్పింది లేదు. మా గదిలో ఇరవై రెండు మంది పిల్లలు, ఇళ్ళల్లో మాట్లాడేవి ఆరు భాషలు. చుక్కది ఏడోది. అది తెలిసినవాళ్ళు బడిలో ఇంకెవరూ లేరు.

కింద పడ్డ గింజలు ఏరుకుంటూనే మా ఆయనకి మెసేజ్ పెట్టాను, "ఒక రోజు దొరికింది!" అని. పెళ్ళయి నలభై ఒక్క రోజులు. ఏం జరిగినా ఆయనకి చెప్పందే అది జరిగినట్టే ఉండదు నాకు. ఎదురుగా ఉన్న ప్రెస్సులో పని కాబట్టి జవాబు నిమిషంలో వచ్చింది. "ఒక రోజు కాదు టీచరమ్మా, ఆరు గంటలు."

అంతే, కాలు ఒక్కచోట నిలవలేదు.

రోజూ ఆడే ఆటే మొదటి పీరియడ్‌లో పెట్టాను. అందరం నేల మీద గుండ్రంగా కూర్చుంటాం. మధ్యలో ఆ రోజు టీచరు. వాళ్ళ ఇంట్లో ఎలా పలకరించుకుంటారో చెప్పి, గింజల సంచి ఎవరికో విసురుతారు. పట్టుకున్నవాళ్ళు అదే పలకరింపు తిరిగి చెప్పి, ఆ భాషలో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టాలి. తప్పితే అందరూ కలిసి అందిస్తారు, నవ్వకూడదు. ఆఖరి గంట కొట్టేసరికి సంచి ఎవరి చేతిలో ఉంటే రేపు వాళ్ళే టీచరు. సంచి నా పెళ్ళి రవికలో మిగిలిన గుడ్డతో కుట్టింది. బంగారు అంచు కూడా ఉంది, అందుకే దానికోసం కొట్టుకుంటారు.

చుక్క తప్ప. సంచి తన వైపు వస్తే పక్కకి ఒరుగుతుంది, పిడుగు పడబోతున్నట్టు.

ఆ రోజు టీచరు మైకు. గుసగుసలాడినా పక్క గదికి వినిపించే పిల్ల. "నా వెనకాల అనండి!" అని వాళ్ళ అమ్మమ్మ భాషలో ఐదు అంకెలు గోడలు అదిరేలా చెప్పింది. అందరూ అన్నారు. చుక్క పెదవులు కదల్లేదు.

నేను చుక్క ముందు ఎనిమిది గింజలు పోశాను. "ఎన్ని తల్లీ? మీ ఇంట్లో ఎలా అంటారు?"

తను గింజల్ని చూసింది. చేతిని ఒళ్ళోకి లాక్కుని, బొటనవేలిని మధ్యవేలి నడుమ పెట్టి ఊరుకుంది.

"మూడో వేలు చూపిస్తోంది! మూడంట టీచర్!" అని అరిచింది మైకు.

"మెల్లగా అమ్మా."

"మెల్లగానే అన్నా టీచర్."

చుక్క చెయ్యి పిడికిలైపోయింది. మళ్ళీ ఐదు గింజలు పెట్టాను. పిడికిలి తెరవలేదు. గోడ గడియారం ముల్లు నన్ను చూసి పరిగెత్తుతున్నట్టనిపించింది. తర్వాత రెండు పీరియడ్లూ పాఠం చెబుతూనే పదిసార్లు కిటికీ దాకా వెళ్ళొచ్చాను. ఎందుకో నాకే తెలీదు.

మధ్యాహ్నం మా ఆయన గేటు దగ్గరికి టిఫిన్ డబ్బా పట్టుకొచ్చాడు. నేనే ఇంట్లో మరిచిపోయాను.

"తినండి ముందు. మొహం పీక్కుపోయింది" అన్నాడు.

"ఆకలి లేదండీ. ఆ పిల్లకి లెక్క రాదంటే నమ్మబుద్ధి కావట్లేదు."

"సరే, తింటూ నమ్మకండి. సాయంత్రం బజారుకెళ్ళాలి, ఏమేం తేవాలో చెప్పనా? కుక్కరు రబ్బరు, కర్టెన్ కడ్డీ, సబ్బులు, బల్బు, చీపురు..." అంటూ బొటనవేలిని కదుపుతున్నాడు. చిటికెనవేలి అడుగు కణుపు, మధ్య కణుపు, పై కణుపు. తర్వాత పక్క వేలు.

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఆగండి! చీపురు ఎన్నోది?"

"ఐదోది. ఎందుకు?"

ఆయన బొటనవేలు ఉంగరపువేలి నడిమి కణుపు మీద ఉంది. మా పుట్టింట్లో అందరం వేళ్ళు ముడిచే లెక్కపెడతాం. కణుపులు ఎంచేవాళ్ళని చూడకపోలేదు. కానీ చూడటం వేరు, అవసరానికి గుర్తుకు రావడం వేరు. వేలికి మూడు. చిటికెనవేలు మూడు, ఉంగరపువేలు ఆరు, మధ్యవేలి నడిమి కణుపు...

"ఎనిమిది!" అన్నాను. గేటు దగ్గరని కూడా చూడకుండా ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను. వాచ్‌మన్ తాత మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"చీపురుకే ఇంత సంబరమైతే, మంచం కొన్నప్పుడు ఏం చేస్తారో!" అని మా ఆయన.

గదిలోకి ఉరికాను. మధ్యలో మైకు చోట నేనే కూర్చుని, చుక్కని నా ఎదురుగా కూర్చోమని సైగ చేశాను. నా చెయ్యి చాపాను. "నాకు రాదు తల్లీ. నువ్వు నేర్పు."

మైకు కూడా ఊపిరి బిగబట్టింది, అదొక వింత. అప్పుడు చుక్క నా బొటనవేలు పట్టుకుని, నా చిటికెనవేలి అడుగు కణుపు మీద ఆనించింది. ఒక మాట అంది. చిన్న మాట, సన్నటి గొంతు. తర్వాతి కణుపు, ఇంకో మాట.

మాటకొక గింజ పక్కన పెట్టాను. పదో మాటకి నా బొటనవేలు చూపుడువేలి మొదట్లో ఉంది. గింజలు పది.

ఇక పట్టపగ్గాల్లేవు. అందరి బొటనవేళ్ళూ కదిలాయి. "టీచర్, ఈ వేలికి రెండే ఉన్నాయి!" అని మైకు ఏడుపు మొహం పెట్టింది. "అది బొటనవేలే, దాంతోనే లెక్కపెట్టాలి" అంటూ పక్కవాడు సరిచేశాడు. చుక్క నవ్వింది. పంటి సందు ఉందని ఏడు వారాల తర్వాత తెలిసింది మాకు.

ఆఖరి పీరియడ్‌లో పెద్దమేడమ్ కాగితంతో సహా వచ్చింది. నా గుండె చప్పుడు ఆవిడకి వినపడుతుందేమోనని గింజల డబ్బా గలగలలాడించాను. ఆవిడ గుప్పెడు గింజలు తీసి చుక్క ముందు పోసింది.

చుక్క బొటనవేలు నడిచింది. పెదవులూ కదిలాయి. ఈసారి గొంతు అందరికీ వినిపించింది. చూపుడువేలి నడిమి కణుపు దగ్గర ఆగింది.

పెద్దమేడమ్ వేళ్ళు ముడుస్తూ తనూ లెక్కపెట్టింది. పదితో రెండు చేతులూ అయిపోయాయి. నేల మీద ఇంకో గింజ మిగిలింది. ఆవిడ తన పిడికిళ్ళ వంక, చుక్క ఒంటి చేతి వంక చూసింది.

"పదకొండు" అన్నాను, ఆగలేక.

"నాకూ వచ్చులేమ్మా" అంది ఆవిడ. "తనకింకా ఒక కణుపు మిగిలే ఉంది, నాకే చేతులు చాల్లేదు." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన హ్యాండ్‌బ్యాగులో పడేసింది. "ఇక్కడే ఉండనీ."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వెయ్యలేదు. ఒక్కటే వేశాను.

మైకు ఆ సందట్లో గింజల సంచి విసిరింది. చుక్క వైపే. ఈసారి తను ఒరగలేదు, రెండు చేతులతో పట్టుకుంది. సరిగ్గా అప్పుడే గంట కొట్టారు. ఎవరికైనా ఇమ్మంటారేమోనని సంచిని గుండెకి హత్తుకుంది.

"రేపు చుక్క టీచర్!" మైకు అరుపుకి కారిడార్లో ఎవరో ఉలిక్కిపడ్డారు.

చుక్క నన్ను చూసి, మా అందరి మాటల్లోంచి ఏరుకున్నట్టు ఒక్కొక్కటీ పేర్చింది. "రేపు... పలకరింపు. లెక్క... ఇక్కడ దాకా." చూపుడువేలి కొన చూపించింది. పన్నెండు.

"అయితే పొద్దున మొదటి పీరియడ్‌కి నేనూ వస్తాను. నాకో కుర్చీ వేయించండి" అంది పెద్దమేడమ్.

"కుర్చీ ఉండదు మేడమ్, నేల మీదే" అంది మైకు.

"సరే, చాపైనా వెయ్యండే!"