మూడు మిల్లీమీటర్ల గడ్డం

సెలూన్ నడిపే ఆయన్ని అందరూ నిదానం బాబాయ్ అంటారు. కొత్త గడ్డం కనబడితే దాని పుట్టుపూర్వోత్తరాలు తేలేదాకా మిషను ముట్టడు మరి! ఆ సాయంత్రం కుర్చీలో కూర్చున్న కుర్రవాణ్ణి చూడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. చుబుకం మీద గుబురు, చెంపల మీద అక్కడో పోచ ఇక్కడో పోచ. దవడ ఎముక వెంబడి మాత్రం స్కేలు పెట్టి కొట్టినట్టు గీత.

“ఈ గీత ఎవరి ఘనకార్యం బాబూ?”

“నాదే బాబాయ్. నాలుగు రోజుల కిందట గీశాను.”

వెనక బెంచీ మీద వాళ్ళక్క పకపకా నవ్వింది. “రేపు కాలేజీలో వీడి మొదటి పాఠం. ఫిజిక్స్ లెక్చరరు! ఇంటర్వ్యూ రోజు వాచ్‌మన్ స్టూడెంటనుకుని ఆపేశాడు. అప్పట్నుంచీ నెల రోజులుగా ఇదే తపస్సు.”

“పెంచితే ఖాళీలు కప్పుకుంటాయనుకున్నా,” అన్నాడు కుర్రవాడు. “క్లాసులో ఎవరూ నా మాట వినకపోతే?”

పాపం, నిజంగానే భయపడుతున్నాడు. నిదానం బాబాయ్‌కి జాలేసింది.

“పెంచే కొద్దీ ఖాళీలు బయటపడతాయి బాబూ. ఇక మెడ గీత ఉండాల్సింది ఇక్కడ.” గొంతు మీద కదిలే ముడికి పైన రెండు వేళ్ళు ఆనించి, అక్కడి నుంచి చెవుల వెనక్కి వంపుగా చూపించాడు. “మీరు దవడ దాకా ఎక్కించేశారు. అందుకే అతికించినట్టుంది.”

“ఇప్పుడెలా?”

“చూద్దాం. తీసింది మళ్ళీ అంటించలేం కదా!”

ముందు మిషనుకు ఆరు మిల్లీమీటర్ల దువ్వెన గార్డు తగిలించి చూశాడు. ఖాళీలు అలాగే ఉన్నాయి. నాలుగు... కొంచెం నయం. మూడుకు దించేసరికి చెంపా గడ్డమూ ఒకే నీడలోకి వచ్చాయి. దవడ అంచున రెండుతో సవరిస్తే, కింద నాలుగు రోజులుగా మొలిచిన దాంట్లో ఆ పాత గీత కలిసిపోయింది. సరైన గీతకు కిందనున్నది మాత్రం కత్తితో తీశాడు.

“పాతికేళ్ళుగా చేస్తున్నా. పొట్టిగా తీస్తే పలచన ఎందుకు కనబడదో మాత్రం ఇప్పటికీ అంతుపట్టదు,” అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు.

“అదా బాబాయ్!” కుర్రవాడు గిర్రున తిరిగాడు. “పొడుగ్గా ఉంటే గుబురు చోట వెంట్రుకలు ఒకదాని మీదొకటి పడి చర్మాన్ని పూర్తిగా మూసేస్తాయి. పలచని చోట చర్మం కనబడుతూనే ఉంటుంది. కంటికి ఆనేది ఆ తేడాయే. పొట్టిగా తీస్తే అన్నిచోట్లా కాస్త కాస్త చర్మం కనబడుతుంది. తేడా తగ్గిపోతుంది!”

నిదానం బాబాయ్ చేతిలో కత్తి గాల్లోనే ఆగిపోయింది. అక్క నవ్వడం మానేసింది. బెంచీ చివరనున్న పెద్దమనిషి పేపరు మడిచి, “కాస్త గట్టిగా చెప్పండి సార్, మళ్ళీ మొదట్నుంచి,” అన్నాడు.

కుర్రవాడు అద్దం వైపు చూడనైనా చూడకుండా మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.