తొలి ఏడాది రేటు

మిషన్ మూడు పాయింట్ ఒకటి చూపించింది. ఐదుకు అటూ ఇటూ చూపించాలి.

రూప కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. మూడు పాయింట్ ఒకటే. తానే తప్పు పోసిందేమోనని రెండోసారి వేసింది. ఈసారి మూడు పాయింట్ రెండు వచ్చింది. పురానాపూల్ సందులోని ఆ చిన్న ల్యాబులో పదకొండేళ్లుగా రక్తం తీస్తున్న మనిషి, సూది పట్టుకుంటే పసిపిల్లలు కూడా ఏడవరని పేరున్న మనిషి, ఆ ఉదయం స్టూలు మీద కూలబడింది.

"యేసయ్యా, ఏం చేసిన నేను?" అంది.

ఏం చేసిందో ఆవిడకు తెలుసు. మనకే తెలియాలి.

రెండేళ్ల కిందట ఓ కంపెనీ తరఫున శ్రవణ్‌కుమార్ అనే అతను వచ్చాడు. ఉస్మాన్‌గంజ్ వ్యాపారుల ఇంటి పిల్లాడు, మాటలో తేనె కారుతుంది. "మేడం, మిషన్‌కు పైసా ఇయ్యొద్దు. జర డిపాజిట్ కట్టుండ్రి, కిట్లు మా దగ్గరే కొనుండ్రి, చాలు" అన్నాడు. కిట్టు అంటే రక్తంలో కలిపే మందు సీసాల పెట్టె. కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ కిట్టు బయట పద్నాలుగు వందలుంటే, అతను తొమ్మిది వందలకే ఇచ్చాడు. రూప మురిసిపోయింది. ఏ కంపెనీ మందు పోసినా పలికే తన పాత మిషన్‌ను, చోటు చాలడం లేదని, వచ్చినకాడికి అమ్మేసింది. ఐదేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టింది. అందులో రేటు రాయలేదు. 'అప్పటి కంపెనీ ధర ప్రకారం' అని మాత్రం ఉంది. చదివింది కూడా, పాపం. చదివి, శ్రవణ్ మంచివాడు కదా అనుకుంది.

కొత్త మిషన్ సీసా మీద కంపెనీ స్టిక్కరు ఉంటేనే మందు ముట్టుకుంటుంది. ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడు కిట్టు పదహారు వందలైంది. మొన్న ఉగాది దాటగానే రెండువేల రెండొందలన్నారు. అదే వారంలో తెలిసింది, వంతెన అవతల కొత్తగా పెట్టిన ల్యాబుకు అదే మిషన్, అదే కిట్టు తొమ్మిది వందలకే ఇస్తున్నారని. రూపకు ఒళ్లు మండిపోయింది. వెంటనే ఫోను చేసింది.

"ఏంది సర్ గిది? కొత్తోళ్లకు తొమ్మిదొందలు, నాకు రెండువేల రెండొందలా? రెండేండ్ల సంది కొంటున్న, నాకు గదా తగ్గించాలె?"

"మేడం, మీతోని అబద్ధం ఎందుకు చెప్పాలె," అన్నాడు శ్రవణ్. "కొత్తోళ్ల కాడ తక్కువ రేటు చెప్పకుంటే మిషన్ పడదు. ఆ తక్కువ ఎక్కడ్నో పూడ్చుకోవాలె గదా. పైనుంచి టార్గెట్ ఉంది. నన్నేం చేయమంటరు?"

"మిషన్ తీస్కపో అయితే."

"తీస్కపోత. డిపాజిట్ పోతది. మిగిలిన మూడేండ్ల కొనుగోలు లెక్క గూడ కట్టాలె. ఒప్పందంల ఉంది, చూడుండ్రి."

ఆ సాయంత్రం భర్త ఇస్సాకు ముందు కాగితాలు పరిచింది. అతను ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. చమురు అంటిన వేలితో ఒక్కో వరుసా చదివి నిట్టూర్చాడు.

"సంతకం పెట్టకముందు వాడు నీ ఎంబడి తిరిగిండు. గప్పుడు ఐదేండ్ల రేటు కాయితం మీద రాయించుకోవాలె. ఇప్పుడేమడిగినా వాడు నవ్వుతడు."

"ఇంకో కంపెనీ ఆయన గూడ అడిగిండు. మిషన్ ఫ్రీ, కిట్టు ఎనిమిదొందలే అంటుండు."

"వాడు గూడ మొదటి ఏడే చుట్టం. తర్వాత ఏమంటడో ముందే రాసిస్తడా అడుగు."

అడిగింది. రాసివ్వనన్నాడు. ఇక మిగిలింది కోఠిలో కిట్లమ్మే బుచ్చయ్య. అతను గొంతు తగ్గించి చెప్పాడు. "మందు నా కాడ ఏడొందలు. స్టిక్కర్ గూడ నేనే ఇస్త. కంపెనీ సీసల పోసి స్టిక్కర్ అతికిస్తే మీ మిషన్‌కు ఏం తెల్వదు. మస్తు మంది చేస్తున్రు మేడం, ఫికర్ జేయకుండ్రి."

మిషన్‌కు తెలియదన్న మాట నిజమే. అసలు తంటా అక్కడే ఉంది. స్టిక్కరు చదివిన మిషన్, సీసాలో ఉన్నది కంపెనీ మందే అనుకుని, కంపెనీ మందుకు పెట్టిన లెక్కలతోనే కొలుస్తుంది. అది తెలిసే, బుచ్చయ్య మందు కొని సీసాలో పోశాక రూప జాగ్రత్తపడింది, ఆ మాట ఒప్పుకోవాలి. విలువ ముందే తెలిసిన సీసాతో పరీక్షించి చూసింది. దాన్ని కంట్రోలు అంటారు. నార్మల్ కంట్రోలు ఒకటి చూపించాలి, ఒకటే చూపించింది. జబ్బు మనిషి రక్తంలా ఎక్కువ విలువ ఉండే హై కంట్రోలు మాత్రం అయిపోయింది. అదీ కంపెనీదే, అదీ రేటు పెంచారు. వచ్చే వారం తెప్పిద్దాంలే అనుకుంది.

తెప్పించేసరికి తొమ్మిది రోజులైంది. ఇదిగో, ఐదుకు మూడు చూపిస్తోంది. బుచ్చయ్య మందు ఆరోగ్యవంతుల దగ్గర సరిగ్గానే ఉంది, కిడ్నీ చెడినవాళ్ల దగ్గరే అబద్ధమాడుతోంది. అంటే ఎవరికి నిజం కావాలో వాళ్లకే అబద్ధం చెప్పిందన్నమాట.

తొమ్మిది రోజుల రిజిస్టరు తీసింది. యాభై మూడు క్రియాటినిన్‌లు ఉన్నాయి. వేలు కిందికి జారుతూ నిన్నటి పేజీలో ఆగింది. గౌలిపుర ఎల్లయ్య, అరవై నాలుగేళ్లు, ఒకటి పాయింట్ నాలుగు.

ఎల్లయ్యకు పాల వ్యాపారం, షుగరు, గుండెలో నొప్పి. మూడు నెలల కిందట రెండు పాయింట్ ఒకటి ఉంది. ఒకటిన్నర లోపుకు దిగితేనే గుండెకు రంగు మందు ఎక్కించి ఫోటో తీస్తామని, లేకపోతే ఆ రంగు కిడ్నీలను తినేస్తుందని డాక్టరు చెప్పాడట. నిన్న రిపోర్టు ఇస్తూ రూపే నవ్వింది. "మందులు మంచిగ పనిచేస్తున్నయ్ బాపూ" అని మెచ్చుకుంది కూడా. అయితే రేపు పదకొండింటికే చేయించుకుంట బిడ్డా, అని ఆయన సంబరంగా వెళ్లాడు.

గోడ గడియారం పది దాటి ఐదు నిమిషాలు చూపిస్తోంది.

ఫ్రిజ్‌లో నిన్నటి ఎల్లయ్య రక్తం సీసా ఉంది. అసలు కంపెనీ మందు అడుగున నాలుగు టెస్టులకు మిగిలింది. పెట్టింది. ఫలితం రావడానికి పట్టే ఆ కొన్ని నిమిషాలూ ఆమె మిషన్ ముందు నిలబడి, తక్కువ రావాలి ప్రభువా, తక్కువ రావాలి, అని పెదవులు కదిపింది.

రెండు పాయింట్ తొమ్మిది వచ్చింది.

ఎల్లయ్యకు ఫోను చేస్తే స్విచాఫ్. ఆసుపత్రికి చేస్తే పాట వినిపిస్తూ లైన్లో ఉండమన్నారు. రూప షట్టరు సగం దించి, రిపోర్టు గుప్పిట్లో పట్టుకుని ఆటో ఎక్కింది. "భాయ్, జల్దీ చలో, మనిషి ప్రాణం" అంటే డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తీయలేదు. అయినా వంతెన మీద బండ్లు ఇసకేస్తే రాలనంతగా ఉన్నాయి. పది నలభై అయింది. పోలీసులు, పేపర్లో పేరు, ల్యాబుకు తాళం, ఒకదాని వెంట ఒకటి అన్నీ కళ్లముందు ఆడాయి. వెనక్కి పోదామని కూడా అనిపించింది, దాచడమెందుకు. ఎవరికీ తెలియదు కదా, రిపోర్టు చింపేస్తే సరిపోదా అని ఒక్క క్షణం అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే వెరపు పుట్టి, ఆటో దిగి పరుగెత్తింది.

ఆసుపత్రిలో ఎల్లయ్య ఆకుపచ్చ గౌను వేసుకుని, స్ట్రెచరు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. చేతికి సూది పెట్టారు. లోపలికి ఇంకా తీసుకెళ్లలేదు.

"అరె, రూపమ్మా! నువ్వొచ్చినవేంది బిడ్డా?"

ఆమె నేరుగా డాక్టరు ముందుకెళ్లి నిలబడింది. "సర్, నిన్న నేనిచ్చిన రిపోర్టు తప్పు. రెండు పాయింట్ తొమ్మిది. రంగు ఎక్కియ్యకుండ్రి."

డాక్టరు కాగితం చూశాడు, ఆమెను చూశాడు. "ఎట్ల తప్పయింది?"

ఇక్కడే మిషన్ మీదికి నెట్టేయొచ్చు. మిషన్ నోరు మెదపదు కూడా. "కంపెనీ రేటు పెంచిందని సీసల వేరే మందు పోసిన సర్," అంది రూప. "హై కంట్రోలు చూడకనే రిపోర్టులు ఇచ్చిన. నా తప్పే."

డాక్టరు అరవలేదు. అరిచినా బాగుండేది. నర్సును పిలిచి మళ్లీ రక్తం తీయమన్నాడు. అరగంటకు వాళ్ల ల్యాబు కూడా రెండు పాయింట్ ఎనిమిది చూపించింది. "ఇంకెంతమందికి ఇచ్చినవ్?" అన్నాడు. మొత్తం యాభై మూడంది. "సాయంత్రం లోపల అందరికి చెప్పు. రాతలో నాకియ్యి. చెప్పకుంటే నేను చెప్త."

కారిడార్లో ఎల్లయ్య బట్టలు మార్చుకుని వచ్చాడు. మొహం పాలిపోయింది. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మొదట్ల వంద రూపాయలకే చేసినవ్. తర్వాత రెండొందల యాభై జేసినవ్," అన్నాడు. "మా వీధిల నూటయాభైకే చేస్తరు. అయినా నీ కాడికే వచ్చిన. ఎందుకు? వేరే కాడ చేయిస్తే నంబర్లు కలవయ్, ఒక్క కాడనే ఉండాలె బాపూ, అని నువ్వే అన్నవ్ గదా. ఇడిసిపెట్టి పోతె ఏమైతదో అని భయపడ్డ."

అది అబద్ధం కాదు. ల్యాబు మారితే అంకెలు కొంచెం మారతాయి. కానీ ఆ మాట చెప్పి ఎంతమందిని కట్టేసుకుందో, రేటు పెంచిన ప్రతిసారీ ఆ మాటే ఎలా అక్కరకొచ్చిందో రూపకు ఇప్పుడు గుర్తొచ్చింది. శ్రవణ్‌ను తిట్టుకున్న తిట్లన్నీ తిరిగొచ్చి తనకే తగిలాయి. సిగ్గుతో ఆమెకు ఏడుపొచ్చింది.

ల్యాబుకు రాగానే శ్రవణ్‌కు ఫోను చేసింది. "క్రియాటినిన్ కిట్లు, కంట్రోళ్లు కావాలె. గంటల పంపుతరా?"

"ఎన్ని మేడం?"

"ఉన్నన్ని."

రేటు అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

తర్వాత రిజిస్టరు ముందేసుకుని ఒక్కొక్కరికీ ఫోను చేయసాగింది. బూతులు తిట్టినవాళ్లున్నారు, ఏమీ అనకుండా పెట్టేసినవాళ్లున్నారు. ప్రతి నంబరు నొక్కేముందు ఈయనకు ఏమైపోయి ఉంటుందోనన్న భయమే.

మూడు గంటలకు ఎల్లయ్య వచ్చాడు. రూప లేచి నిలబడి ఒక ఫైలు చేతికిచ్చింది. మూడేళ్ల రిపోర్టులన్నీ అందులో వరసగా పెట్టింది, ఏ తారీఖున ఏ మందుతో చేసిందో కూడా రాసింది.

"బాపూ, మీ వీధిల ఉన్న ల్యాబుల చేయించుకో. మొదటిసారి మాత్రం అదే పొద్దున ఇక్కడ గూడ రక్తం ఇచ్చిపో. పైసలొద్దు. రెండు నంబర్లు పక్కపక్కన రాసిస్త. ఆళ్ల నంబరుకు, నా నంబరుకు ఎంత తేడానో ఒక్కసారి తెలిస్తె చాలు. ఇంక నా కాడికి రావాల్సిన పనే లేదు."

"నిజంగనా?"

"నిజంగనే."

ఆయన ఫైలు అటూ ఇటూ తిప్పి చూసి చంకలో పెట్టుకున్నాడు. "అట్లనే చేస్త. ఆ ఒక్కసారే వస్త, ఇంక రాను బిడ్డా. ఏమనుకోకు."

"ఏమనుకోను బాపూ."

ఆయన మెట్లు దిగి, బండ్లు తప్పించుకుంటూ రోడ్డు దాటి గౌలిపుర వైపు నడిచాడు. రూప గుమ్మంలో నిలబడి చూసింది. అంత భయంలోనూ ఆమెకు ఆ ముసలాయన మీద అసూయ కలిగింది. తన ఒప్పందానికి ఇంకా మూడేళ్లుంది.

లోపల కంపెనీ పెట్టె వచ్చి ఉంది. కొత్త సీసా తీసి మిషన్‌లో పెట్టింది. మిషన్ స్టిక్కరు చదివి, కీచుమని ఒప్పుకుంది. రూప రిజిస్టరు దగ్గరికి వచ్చి తర్వాతి నంబరు నొక్కింది.